మా బావ స్టేటస్

ఏ బిల్డింగ్‌కైనా లిఫ్టు మిషన్ రూమ్ అన్నిటికంటే పైన ఉంటుంది. మధ్యాహ్నం పూట మోటారు ఆపేసి, తలుపు దగ్గరగా వేసుకుని, అక్కడ క్యారేజీ విప్పుకుంటే దొరికే ప్రశాంతత ఇంకెక్కడా దొరకదు. గ్రీజు వాసన, ఎండకి కాగిన రేకు వాసన, కిటికీలోంచి కాస్త గాలి. ఏళ్ల తరబడి నేనూ మా బావా అలాగే కూర్చుని తిన్నాం. ఇప్పుడు నేనొక్కడినే తింటున్నాను. పక్కన ఒకడు ఉంటాడు గానీ వాడిని మనిషి లెక్కలో వేసుకోవడానికి నాకు మనసొప్పదు.

బావ అంటే మా అక్క మొగుడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. లిఫ్టు పనికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఒకడు క్యాబిన్ నెత్తిన నిలబడతాడు, ఇంకొకడు మిషన్ రూమ్‌లో ఉంటాడు. మధ్యలో చీకటి, తాళ్లు. ఒకడికి ఇంకొకడు కనపడడు, గొంతు మాత్రమే వినపడుతుంది. అందుకని మాకో పద్ధతుంది. మాట విన్నవాడు ఆ మాట తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి కదపాలి. "దించు" అంటే "దించుతున్నా". "ఆపు" అంటే "ఆపేశా". తిరుగు మాట రాకుండా ఏదీ కదలకూడదు. ఇది ఎంత ఒంటికి పట్టేసిందంటే, ఇంట్లో మా ఆవిడ "లైటు" అంటే నేను "లైటు ఆర్పేశా" అంటూ లేస్తాను. ఆమె నవ్వుతుంది. బావ గొంతు వినగానే నా వేలు నన్నడక్కుండానే బటన్ మీదికి పోయేది.

అలాంటి మనిషి నాకు ఒక్క ముక్క చెప్పకుండా వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆ సంగతి నాకు ఎవరి ద్వారా తెలిసిందో తెలుసా? ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ద్వారా. "మీ బావ గారు మానేశారంట కదా" అని వాడడిగితే, నేను తెలిసినట్టు తలూపాల్సి వచ్చింది. మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను. కంపెనీ మారితే మారాడు, నెత్తిన పెట్టుకుని పంపేవాడిని. ఒక్క మాట చెప్పి పోతే ఆయన సొమ్మేం పోయింది? ఆ కోపంతో నేను వాళ్లింటికి వెళ్లడం మానేశాను, ఆయనా నా గుమ్మం తొక్కలేదు. మధ్యలో మా అక్క నలిగిపోయింది. ఫోన్ చేస్తే కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా మాట్లాడేది, పెట్టేసే ముందు మాత్రం "ఎప్పుడొస్తావురా?" అనేది.

బావ స్థానంలో కంపెనీ నాకొక కొత్త మనిషిని అంటగట్టింది. వాడు ఏం చెప్పినా "సరే సార్" అంటాడు. స్పానర్ తీసుకురా అంటే సరే సార్. ఇది స్పానర్ కాదురా అంటే సరే సార్. "దించు" అన్నప్పుడు కూడా "సరే సార్" అంటాడు. అది తిరుగు మాట కాదు నాయనా, విన్న మాటే మళ్లీ చెప్పాలి అని గోడకి చెప్పుకున్నట్టు చెప్పాను. దానికీ అదే జవాబు. అందుకని వాడి పేరే సరేసార్ అయిపోయింది.

నాకు బావ కావాలి. ఉన్న మాట ఇది. కోపం పోలేదు, కానీ మనిషి కావాలి.

మొదట చాట్‌లో "హాయ్" అని కొట్టాను, తుడిచేశాను. పైన ఆన్‌లైన్ అని చూపిస్తుంటే దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టుండేది. ఒకరోజు పువ్వుల బొమ్మతో శుభోదయం పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. ఇంకోసారి తెగించి "ఎలా ఉన్నావు" అని పెట్టాను. సాయంత్రానికి "బాగున్నా" అని వచ్చింది. దాని తర్వాత ఏం రాయాలి? "సంతోషం" అని రాశాను. అక్కడితో ఆ కథ కంచికి పోయింది.

ఆ మూడు ముక్కల చాట్ చూసి మా మేనకోడలు నెత్తి కొట్టుకుంది. అక్క కూతురు, కాలేజీలో చదువుతోంది. తండ్రికి తెలియకుండా మా ఇంటికి వచ్చిపోతుంటుంది.

"మామయ్యా, ఇది మాట్లాడినట్టు లేదు, ఇంటర్వ్యూ చేసినట్టుంది. హాయ్ అంటే నాన్న ఏమనాలి? ఏదో ముఖ్యమైన సంగతి తెస్తున్నావనుకుని బిగుసుకుపోతాడు."

"మరి ఏం చేయమంటావే?"

"నాన్న ఈమధ్య స్టేటస్‌లు పెడుతున్నాడు, చూడట్లేదా? దానికి రిప్లై ఇవ్వు."

ఫోన్ లాక్కుని చూపించింది. ఫొటో చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే కొత్త స్టేటస్ పెట్టినట్టు. అది ఇరవై నాలుగు గంటలే ఉంటుంది, తర్వాత దానంతట అదే పోతుంది. చూస్తూ కింద రిప్లై అన్నచోట రాస్తే ఆ మాట అందరికీ కనపడదు. నేరుగా మన ఇద్దరి చాట్‌లోకే పోతుంది. పైన ఆ స్టేటస్ బొమ్మ చిన్నగా పెట్టెలో వస్తుంది, కింద నీ మాట. స్టేటస్ పోయినా ఆ చిన్న బొమ్మ చాట్‌లో ఉండిపోతుంది.

"ఇందులో సుఖమేంటంటే మామయ్యా, మాట మొదలుపెట్టింది నువ్వు కాదు, నాన్నే. నలుగురికీ చూపించాడు, నువ్వు చూసి ఒక మాటన్నావు. జవాబివ్వాలనిపిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. ఎవరూ మెట్టు దిగినట్టు కాదు."

"బొటనవేలు బొమ్మ పెడితే చాలా?"

"చాలదు. దండం పెట్టి వచ్చేసినట్టుంటుంది, దాని తర్వాత ఎవరూ మాట్లాడరు. బొమ్మలో ఉన్నదాని గురించి ఒక చిన్న ప్రశ్న అడుగు. జవాబు చెప్పడానికి ఆయనకి సరదాగా ఉండాలి. ఒక్క వాక్యం. పాత గొడవ ఎత్తకు. సలహాలివ్వకు, తప్పులు పట్టకు. ముఖ్యంగా అది నీ వల్ల కాదు, నాకు తెలుసు."

"నోరు మూసుకో" అన్నాను. కానీ ప్రతి ముక్కా బుర్రలో పెట్టుకున్నాను.

మర్నాడు మిషన్ రూమ్‌లో కూర్చుని చూస్తే బావ ఫొటో చుట్టూ ఆకుపచ్చ గీత. తెరిచాను. ఒక లిఫ్టు తలుపు. మెట్ల దగ్గర ఉండే తలుపు, బూడిద రంగు, నాలుగు వేళ్లు పట్టేంత తెరిచి ఉంది. లోపల చీకటి. పక్క గోడ మీద అయిదు అంకె, సగం పెచ్చులూడింది. కింద బావ రాసిన మాట, "ఎన్నాళ్లకో."

ఏదో పాత బిల్డింగ్ పని దొరికినట్టుంది అనుకున్నాను. ఒక చిన్న ప్రశ్న, ఒక్క వాక్యం. "ఎక్కడ బావా ఇది?" అని కొట్టి, ఫోన్ బోర్లా పెట్టేశాను.

అన్నం ముద్ద నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. "ఇంకెక్కడ, పైనే. రోజూ చూసుకుంటున్నా."

నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. "పనికొస్తుందా?" అన్నాను. "ఆగాలి. తొందరపడితే ఎలా?" అన్నాడు. చివర్న నవ్వు బొమ్మ. పక్కన సరేసార్ నా మొహం చూసి భయపడ్డాడు, నేను నవ్వడం వాడెప్పుడూ చూడలేదు.

రెండో రోజు మళ్లీ అదే తలుపు. ఈసారి జానెడు తెరిచి ఉంది. అంచు మీద ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు గ్రీజు మరకలు. కింద మాట, "చూశారా ఎంత పెరిగిందో."

నా ఒళ్లు మండింది. తెరిచిన లిఫ్టు తలుపుని అడ్డం కూడా పెట్టకుండా వదిలేసి ఫొటోలు తీస్తాడా? ఎవడైనా పడితే? నాకు చెవి మెలిపెట్టి నేర్పింది ఈయనే! ఇంత పొడుగు తిట్టు రాసి, మేనకోడలి మాట గుర్తొచ్చి తుడిచేశాను. సలహాలివ్వకు, తప్పులు పట్టకు. పళ్లు బిగబట్టి, "నిజమే, చాలా పెరిగింది. జాగ్రత్త బావా" అని మాత్రం పెట్టాను.

"నాకు చెప్తున్నావా బావమరిదీ!" అని వచ్చింది. ఆ పిలుపు చూసి ఎన్నాళ్లయిందో! కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు సంగతి వదిలేశాను.

ఆ మర్నాడు సాయంత్రం, వర్షం ఆగీ ఆగనట్టు పడుతుండగా ఒక కంప్లయింట్ వచ్చింది. ఆఫీసులన్నీ ఖాళీ చేసిపోయిన పాత బిల్డింగ్. క్యాబిన్ నాలుక్కీ అయిదుకీ మధ్య ఇరుక్కుంది, లోపల ఎవరూ లేరు, కానీ రాత్రికల్లా బాగు చేయాలట. ఎవరూ ఎక్కని లిఫ్టు రాత్రికల్లా ఎందుకు బాగుండాలో చెప్పే నాథుడు లేడు. తిట్టుకుంటూ సరేసార్‌ని తీసుకుని వెళ్లాను. కింద కరెంటుంది, మెట్ల మీద లేదు. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. తడిసిన కాగితాల వాసన, ఎప్పుడో కొట్టిన పురుగుల మందు వాసన. సరేసార్‌ని మిషన్ రూమ్‌కి పంపి, నేను టార్చితో అయిదో అంతస్తులో ఆగాను.

గోడ మీద అయిదు అంకె. సగం పెచ్చులూడింది.

బూడిద రంగు తలుపు.

మొదట వచ్చింది భయం కాదు, కోపమే. ఇది మా కంపెనీ కాంట్రాక్టు. ఇక్కడ బావకేం పని? నాకు తెలియకుండా ఈ బిల్డింగ్ కూడా వాళ్ల కంపెనీకి లాక్కుంటున్నారా? జేబులోంచి ఫోన్ తీశాను. బావ ఫొటో చుట్టూ ఆకుపచ్చ గీత. తెరిచాను.

అదే తలుపు, బార్లా తెరిచి ఉంది. లోపల క్యాబిన్ నెత్తిన ఒక మూల ఎవరో నిలబడి ఉన్నారు. అటు తిరిగి ఉన్నారు. నెత్తిన పసుపు హెల్మెట్, బావ పెట్టుకునేలాంటిదే. కింద మాట, "ఇక కోయడమే."

తాళ్లు కోసి కొత్తవి వేస్తారు, అది పెద్ద పని. ఒక్కడే దిగాడా ఈ పిచ్చి మనిషి? కోపం, కంగారు కలిసిపోయాయి. అయినా చేతులు నేర్చుకున్న పద్ధతి మర్చిపోలేదు. రిప్లై అన్నచోట ఒక్క వాక్యం కొట్టాను. "బావా, నేను దగ్గర్లోనే ఉన్నా. రానా?"

వెంటనే టిక్కులు నీలంగా మారాయి. "రా. ఎదురు చూస్తున్నా."

ఆ రెండు ముక్కల కోసం నేను ఎన్ని నెలలు కాచుకున్నానో నాకే తెలుసు. ఇక ఆలోచించలేదు.

తలుపు మూసే ఉంది. ముక్కోణపు తాళంచెవి పెట్టి తిప్పి, రెండు చేతులతో పక్కకి లాగాను. లిఫ్టు గొయ్యిలోంచి చల్లటి గాలి వచ్చింది. గ్రీజు, తుప్పు, వాటితో పాటు ఇంకో వాసన... బావ నడుముకి రాసుకునే నొప్పుల మందు వాసన. మోకాలి లోతున క్యాబిన్ నెత్తి కనిపించింది. చెయ్యి చాచి స్టాప్ స్విచ్ నొక్కాను, పక్కనున్న స్విచ్‌ని మనిషి చేతి నడకకి తిప్పాను. ఇక నేను బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే అది కదలాలి. వదిలితే ఆగిపోవాలి. పైకి కేకేశాను.

"దిగుతున్నా!"

పైనుంచి జవాబు లేదు. "సరే సార్" కూడా లేదు. వాడిని తిట్టుకుంటూ దిగాను. వెనక తలుపు దానంతట అదే మూసుకుంది, అది మామూలే, స్ప్రింగ్ ఉంటుంది. స్టాప్ స్విచ్ పైకి లాగి, బటన్ల డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

టార్చి తిప్పాను. తాళ్ల వెనక, మూలన, పసుపు రంగు కనిపించింది.

"బావా" అన్నాను మెల్లగా. "ఏంటీ పని, ఒక్కడివే..."

ఆయన తిరగలేదు. గోడవైపు మొహం పెట్టి నిలబడ్డాడు. భుజాలు మాత్రం ఊపిరి పీల్చినట్టు కదిలాయి. ఒకసారి... ఇంకోసారి...

"కోపం పోలేదా ఇంకా?" అన్నాను.

"దించు."

బావ గొంతే. ఏళ్ల తరబడి విన్న గొంతు. నేను ఆలోచించే లోపే నా నోరు పలికింది.

"దించుతున్నా."

నా వేలు నొక్కింది. క్యాబిన్ ఒక్క కుదుపు కుదిపి కదిలింది. అయిదో అంతస్తు తలుపు నా తల పైకి పోయింది. అప్పుడు జేబులో ఫోన్ వణికింది. ఎడమ చేత్తో తీశాను. బావ దగ్గర్నుంచే.

"ఎంతసేపురా? దగ్గర్లోనే ఉన్నానన్నావు. మీ అక్క ఇందాకట్నుంచీ గుమ్మంలోనే నిలబడింది."

చదివాను. మళ్లీ చదివాను. బావ ఇంట్లో ఉన్నాడు. అక్క గుమ్మంలో ఉంది. మరి...

బటన్ మీంచి వేలు తీసేశాను.

క్యాబిన్ ఆగలేదు.

రెండు చేతులూ పైకెత్తాను, అయినా దిగుతూనే ఉంది. తాళ్లు నిదానంగా, నూనె పూసుకుని, నా పక్క నుంచి జారుతున్నాయి. నొప్పుల మందు వాసన ఘాటుగా అయింది. మూలనున్నది ఇంకా గోడవైపే చూస్తోంది. కానీ ఇందాక తాళ్ల వెనక ఉన్నది... ఇప్పుడు తాళ్ల ఇవతల ఉంది.

"ఎవరు నువ్వు?" గుసగుసగా అన్నాను.

"రా" అంది బావ గొంతు. "ఎదురు చూస్తున్నా."

చాట్‌లో ఉన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేదు.

స్టాప్ స్విచ్ మీద అరచేత్తో బలంగా కొట్టాను. ఒకసారి, రెండోసారి. ఆగింది. టార్చి పడిపోయింది. చీకట్లో తలుపు లోపలివైపు తాళం మీట కోసం తడుముకున్నాను. ఏళ్ల అలవాటు కదా, వేళ్లకి దొరికింది. ఎత్తి, తలుపు తోసి, మోకాళ్లు చీరుకుపోతున్నా పాక్కుంటూ మెట్ల మీద పడ్డాను. నాలుగో అంతస్తు. తలుపు మూసుకునే లోపు నా మడమకి ఏదో చల్లగా తగిలింది. వెనక్కి చూడలేదు.

సరేసార్ మెట్ల మీద తాపీగా దిగుతూ కనిపించాడు. కాలర్ పట్టుకున్నాను.

"పిలిస్తే పలకవేంరా! తిరుగు మాట చెప్పమని ఎన్నిసార్లు చెప్పాను!"

వాడు బిత్తరపోయాడు. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా సార్. మధ్యలో ఎందుకని..."

నా చెయ్యి దానంతట అదే జారిపోయింది. మిషన్ రూమ్‌లో మెయిన్ తీసేయించి, తాళం వేయించాను. "కింద గేటు దగ్గర కూర్చో. ఆఫీసు వాళ్లు వచ్చేదాకా ఎవర్నీ పైకి పోనివ్వకు" అన్నాను. సరే సార్ అన్నాడు.

వాడు కిందికి దిగే లోపే వర్షంలో బండి మీద బావ ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ బొమ్మలు రోజుతో పోయేవి. చూసి ఊరుకుంటే పోయేవి. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకున్నాను, పైగా దగ్గర్లోనే ఉన్నా, రానా అని అడిగాను. మధ్యలో ఎక్కడో జేబులో ఫోన్ వణికింది గానీ ఆగి తీసే ధైర్యం లేకపోయింది. బావ మొహం చూడాలి, అంతే. కంపెనీ మారాడో, చెప్పాడో, చెప్పలేదో, ఆ గొడవంతా నాకిప్పుడు చిల్లిగవ్వ విలువ చేయదు.

అక్క గుమ్మంలోనే ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. నా వెనక వీధిలోకి చూసింది.

"ఒక్కడివే వచ్చావేంరా? మీ బావ ఏడి?"

"బావ ఇంట్లో లేడా?"

"నీ కోసమే పోయాడు! ఇప్పటిదాకా నీ కోసం అరుగు మీదే కూర్చున్నాడు. నువ్వేదో స్టేటస్ పెట్టావంట. చూసి, మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఏ బిల్డింగో కనుక్కుని, వెర్రివెధవ ఒక్కడే దిగాడే అంటూ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాడు. ఆ సందులోంచి అడ్డదారిన పోయుంటాడు."

"నేనేం పెట్టలేదక్కా. నాకసలు పెట్టడం రాదు."

మేనకోడలు లోపల్నుంచి వచ్చింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చూసింది. నా స్టేటస్ ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఖాళీ. చాట్ తెరిచింది. పైన నేను మూడు రోజులుగా ఇచ్చిన రిప్లైలు, వాటి మీద చిన్న పెట్టెల్లో ఆ తలుపు బొమ్మలు.

"ఇవేంటి మామయ్యా?" అంది. "నాన్న పెట్టింది డాబా మీద మిరప మొక్క. మొదటి కాయ కాసిందని. ఫొటోలు తీసింది నేనే."

అన్నిటికంటే కింద బావ రాసిన మెసేజ్ ఉంది. నేను దారిలో ఉండగా వచ్చింది. నా స్టేటస్‌కి రిప్లై. "కదలకు. నేనొస్తున్నా." దాని పైన చిన్న పెట్టెలో ఒక బొమ్మ. వేలితో పెద్దది చేసి చూశాను. క్యాబిన్ నెత్తిన నేను నిలబడి ఉన్నాను. చేతిలో టార్చి, నోరు తెరిచి ఏదో అడుగుతున్నాను. మూలలోంచి తీసిన ఫొటో అది. కింద నా మాటగా రాసి ఉంది, "ఒక్కడినే ఉన్నా."

సరేసార్‌కి ఫోన్ చేశాను.

"మా బావ వస్తే పైకి పోనివ్వకు. విన్నావా? పట్టుకుని కూర్చోపెట్టు."

"ఇప్పుడే వచ్చారు సార్, పైకి వెళ్లారు."

"ఎందుకు పోనిచ్చావురా!"

"మీరే కదా సార్, పైనుంచి పంపించమని పిలిచారు. సార్... మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

పెట్టేశాను. బావకి ఫోన్ చేశాను. లోపల గదిలో మోగింది. అక్క తీసుకొచ్చింది. హడావిడిలో చార్జింగ్‌లోనే వదిలేసి పోయాడు. అది మేనకోడలి చేతికిచ్చి, అక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నేను బండి తాళం కోసం జేబులు వెతుక్కుంటున్నాను. దొరకడం లేదు. చేతిలోనే ఉంది.

"మామయ్యా" అని గుసగుసగా పిలిచింది మేనకోడలు.

ఒక చేతిలో వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని ఉంది. తెర ఆరిపోయి, తాళం పడి, నల్లగా ఉంది. ఇంకో చేతిలో నా ఫోన్, చాట్ తెరిచే ఉంది. పైన బావ పేరు కింద ఆన్‌లైన్ అని వచ్చింది.

తర్వాత టైపింగ్ అని వచ్చింది. ముగ్గురం తెరకేసి చూస్తున్నాం. అది ఆగలేదు... టైపింగ్ అని చూపిస్తూనే ఉంది.